ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కడితే ఇంటి లోన్ మూడేళ్ల ముందే ఎలా తీరుతుంది, దాన్ని బ్యాంకులో ఎలా కట్టాలి

ఇంటి లోన్ తీసుకున్నవాళ్లు మొదటి ఏడాది చివర స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే గుండె జారుతుంది. పన్నెండు నెలలు క్రమం తప్పకుండా కట్టినా అసలు కదిలినట్టే ఉండదు. బ్యాంకు మోసమేమీ చేయలేదు, ఈఎంఐ లెక్క కట్టే పద్ధతే అంత. అదనంగా కట్టే ఒక్క వాయిదాకు అంత బలం ఎందుకు వస్తుందో కూడా ఆ పద్ధతిలోనే ఉంది. కాబట్టి ముందు లెక్క చూద్దాం, తర్వాత బ్యాంకులో ఏం అడగాలో, ఏ కాగితం సరిచూసుకోవాలో చూద్దాం.

ఉదాహరణకు 40 లక్షల రూపాయల లోన్, 8.5 శాతం ఫ్లోటింగ్ వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. ఈఎంఐ 34,713 రూపాయలు వస్తుంది. మీ లోన్ మొత్తం, రేటు వేరే ఉండొచ్చు. లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

మొదట, మీ వాయిదా ఎటు పోతోందో చూడండి

మొదటి నెల వడ్డీ అంటే 40 లక్షల మీద 8.5 శాతంలో పన్నెండో వంతు, అంటే 28,333 రూపాయలు. మీరు కట్టిన 34,713లో అది పోగా అసలుకు చేరేది 6,380 మాత్రమే. రెండో నెల అసలు ఆ కాస్త తగ్గింది కాబట్టి వడ్డీ 45 రూపాయలు తగ్గుతుంది, ఆ 45 అసలు వైపు చేరుతుంది. ఇలా చీమ నడకన సాగి, ఏడాది పూర్తయ్యేసరికి మీరు కట్టింది 4,16,556 రూపాయలు. అందులో వడ్డీ 3,36,946. అసలు తగ్గింది 79,610.

ఇప్పుడు ఆ ఏడాది చివర ఒక ఈఎంఐ మొత్తం, అదే 34,713 రూపాయలు, అదనంగా కట్టారనుకోండి. ఆ నెల వడ్డీ మామూలు వాయిదాలోనే వసూలైపోయింది. కాబట్టి ఈ అదనపు డబ్బులో ఒక్క రూపాయి కూడా వడ్డీకి పోదు, మొత్తం అసలులోంచే తగ్గుతుంది. మామూలు వాయిదాలతో అంత అసలు తగ్గాలంటే, ఆ దశలో, ఐదు నెలలు పట్టేది. అంటే ఒక వాయిదా డబ్బుతో ఐదు వాయిదాల పని అయింది.

దాని ప్రభావం అక్కడితో ఆగదు. తగ్గిన 34,713 మీద నెలకు 246 రూపాయల వడ్డీ ఇక పడదు. ఈఎంఐ మారలేదు కాబట్టి ఆ 246 ప్రతి నెలా అసలు వైపు మళ్లుతుంది, అది మరికాస్త వడ్డీని తగ్గిస్తుంది. ఇన్నాళ్లూ మీకు ఎదురు తిరిగిన చక్రవడ్డీ ఇప్పుడు మీ వైపు పనిచేస్తుంది. ఇలా ఒక్కసారి, మొదటి ఏడాది చివర మాత్రమే కట్టి, తర్వాత ఎప్పుడూ అదనంగా కట్టకపోయినా గడువు చివర దాదాపు ఐదు వాయిదాలు ఎగిరిపోతాయి. కట్టిన 34,713 పోగా నికరంగా మిగిలేది సుమారు 1.36 లక్షలు.

ప్రతి ఏడాదీ కడితే ఏమవుతుంది

అదే పని ప్రతి ఏడాది చివరా చేస్తూ పోతే, అసలు బాకీ ఇలా ఉంటుంది:

| ఎన్నేళ్ల తర్వాత | మామూలుగా కడితే బాకీ | ఏటా ఒకటి అదనంగా కడితే |
|---|---|---|
| 5 | 35.25 లక్షలు | 33.18 లక్షలు |
| 10 | 28.00 లక్షలు | 22.76 లక్షలు |
| 15 | 16.92 లక్షలు | 6.86 లక్షలు |
| 16 ఏళ్ల 9 నెలలు | ఇంకా 39 వాయిదాలు మిగిలి ఉంటాయి | సున్నా |

మొదటి వరుస చూస్తే పెద్ద తేడా లేదనిపిస్తుంది. ఐదేళ్లలో లక్షా డెబ్బై మూడు వేలకు పైగా అదనంగా కట్టాం, తేడా రెండు లక్షల ఏడు వేలేనా అనిపించి చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఈ పద్ధతి ఫలం చివరి ఏళ్లలో కనబడుతుంది. పదిహేనో ఏట తేడా పది లక్షలు దాటుతుంది.

మొత్తం లెక్క ఇది. మామూలుగా 240 వాయిదాలు కడితే వడ్డీ 43.31 లక్షలు. ఏటా ఒకటి అదనంగా కడితే 201వ నెలలో లోన్ తీరుతుంది, వడ్డీ 35.08 లక్షలు. మిగిలింది 8.23 లక్షలు, తగ్గింది మూడేళ్ల మూడు నెలలు. దీని కోసం మీరు అదనంగా కట్టింది 16 వాయిదాలు, అంటే 5.55 లక్షలు. ఆ 5.55 లక్షలు ఖర్చు కాదు, ఎలాగూ మీరు తీర్చాల్సిన అసలే, కాస్త ముందు తీర్చారు. అందుకే 8.23 లోంచి దాన్ని తీసేసి చూడకూడదు, 8.23 పూర్తిగా మిగులే.

పదో ఏడాది వరుస ఇంకోసారి చూడండి. సగం గడువు గడిచినా, 41.65 లక్షలు కట్టినా, మామూలు దారిలో ఇంకా 28 లక్షలు బాకీ. "ఇప్పుడు జీతం తక్కువ, పదేళ్లయ్యాక అదనంగా కడతాను" అనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇదే లోన్‌కు పదకొండో ఏడాది చివర నుంచి అదనపు వాయిదా మొదలుపెడితే తగ్గేది ఒక ఏడాది, మిగిలేది సుమారు 1.55 లక్షలు. మొదటి ఏడాది నుంచి కట్టినవారికి మిగిలిన 8.23 లక్షల పక్కన పెట్టి చూడండి. మొదటి ఐదారేళ్లలో కట్టే అదనపు వాయిదాలే ఈ పనిలో అసలైన బరువు మోస్తాయి. తర్వాత కుదరకపోతే పరవాలేదు, మొదట మాత్రం వదలకండి.

మీ లోన్‌కు మీరే లెక్క వేసుకోండి

బ్యాంకు ఉద్యోగి చెప్పే అంచనా మీద ఆధారపడక్కర్లేదు. ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో పది నిమిషాల పని. మొదటి వరుసలో పేర్లు రాసుకోండి: A నెల, B మొదటి బాకీ, C వడ్డీ, D ఈఎంఐ, E అదనం, F మిగిలిన బాకీ. రెండో వరుసలో A2లో 1, B2లో మీ బాకీ వేసి, మిగతా గళ్లలో ఇవి పెట్టండి:

```
C2:  =B2*8.5%/12
D2:  =MIN(34713,B2+C2)
E2:  =IF(MOD(A2,12)=0,MIN(34713,B2+C2-D2),0)
F2:  =B2+C2-D2-E2
A3:  =A2+1
B3:  =F2
```

C2 నుంచి F2 వరకు ఉన్నవాటిని మూడో వరుసకు కాపీ చేసి, మూడో వరుసను 241 దాకా కిందికి లాగండి. F గడి ఎక్కడ సున్నా అయితే అక్కడితో లోన్ తీరినట్టు. C నిలువు వరుసను కూడితే మొత్తం వడ్డీ తెలుస్తుంది. పైన ఇచ్చిన అంకెలు పెడితే 201వ నెలలో సున్నా రావాలి. రాకపోతే ఫార్ములాలో ఎక్కడో తప్పు పడినట్టు. అది సరిపోయాకే మీ అంకెలు పెట్టండి. లోన్ మధ్యలో ఉన్నవాళ్లు మొదట తీసుకున్న మొత్తం కాకుండా, ఈ రోజు మిగిలిన అసలు బాకీని B2లో వేయాలి.

ఎన్ని నెలలు మిగిలాయో మాత్రం తెలిస్తే చాలనుకుంటే ఒక్క గడి చాలు. మొదటి అదనపు వాయిదా కట్టిన తర్వాత బాకీ 38,85,677 అయితే:

```
=NPER(8.5%/12,-34713,3885677)
```

ఇది 223.07 చూపిస్తుంది. అదనంగా కట్టకుంటే మిగిలి ఉండేవి 228. ఈ అంకెను రాసి పెట్టుకోండి, కాసేపట్లో బ్యాంకు కాగితంతో సరిపోల్చడానికి ఇదే కావాలి.

కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

మీ శాంక్షన్ లెటర్ తీసి, రేటు ఫ్లోటింగా, ఫిక్స్‌డా చూడండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌లను ముందే తీర్చినందుకు బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే చెప్పింది. ఆ తర్వాత 2014లో, బ్యాంకులు కాకుండా లోన్లు ఇచ్చే ఫైనాన్స్ సంస్థలైన ఎన్‌బీఎఫ్‌సీలకూ ఇలాంటి నిబంధన వచ్చింది. 2025 జులైలో ప్రీపేమెంట్ ఛార్జీల మీద విడిగా ఆదేశాలు ఇచ్చి, 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే, రెన్యూ అయ్యే లోన్‌లకు వాటిని వర్తింపజేసింది. కాబట్టి సొంత అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి లోన్‌కు పార్ట్ పేమెంట్ ఛార్జీ అడిగితే, ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసివ్వమనండి. ఫిక్స్‌డ్ రేటు లోన్‌ల సంగతి వేరు, వాటికి ఛార్జీ ఉండొచ్చు. కార్ లోన్లు చాలావరకు ఫిక్స్‌డే. పైగా ఐదేళ్ల గడువులో చక్రవడ్డీకి పరిగెత్తడానికి చోటు ఉండదు. ఛార్జీ పోగా మిగిలేది కొంచెమే అయితే ఈ కష్టం అక్కడ పెట్టకండి.

కనీసం ఎంత కట్టాలి, ఏడాదికి ఎన్నిసార్లు కట్టవచ్చు అన్నది కూడా అడగండి. కొన్ని సంస్థలు ఒక ఈఎంఐకి తక్కువైతే పార్ట్ పేమెంట్‌గా తీసుకోవు. మనం కట్టేది సరిగ్గా ఒక ఈఎంఐ కాబట్టి ఓ వెయ్యి రూపాయలు కలిపి కట్టడం మేలు. పైసల తేడాతో వెనక్కి రాకుండా ఉంటుంది.

ఇక డబ్బు మరోచోట కాలుతుంటే ఇక్కడ నీళ్లు పోయకండి. క్రెడిట్ కార్డు బాకీ, పర్సనల్ లోన్, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే ముందు అవి తీర్చాలి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, దాని ముందు 8.5 శాతం ఏపాటిది? చేతిలో మూడు నాలుగు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు లేకుండా కూడా అదనపు వాయిదా కట్టకండి. లోన్‌లో కట్టేసిన డబ్బు మామూలు ఇంటి లోన్‌లోంచి వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు మళ్లీ ఎక్కువ వడ్డీకి చేయి చాచాల్సి వస్తుంది.

పన్ను గురించి కూడా ఒక మాట. పాత పన్ను విధానంలో, సొంతంగా ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి ఏడాదికి 2 లక్షల వరకే మినహాయింపు. మన ఉదాహరణలో మొదటి ఏడాది వడ్డీ 3.37 లక్షలు. పైన ఉన్న 1.37 లక్షలకు ఎలాగూ మినహాయింపు లేదు కాబట్టి, తొలి ఏళ్లలో వడ్డీ తగ్గితే పన్నులో మీరు కోల్పోయేది ఏమీ లేదు. కొత్త విధానంలో ఉన్నవారికి, తాము ఉంటున్న ఇంటి మీద ఆ మినహాయింపే లేదు. "పన్ను కలిసొస్తుంది, లోన్ ముందే తీర్చకు" అనే సలహా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఈ లెక్క చూశాక దాన్ని నమ్మక్కర్లేదు.

కట్టే పద్ధతి, మెట్టుమెట్టుగా

1. మామూలు ఈఎంఐ ఆటో డెబిట్ అయిన రెండు మూడు రోజుల తర్వాత అదనపు వాయిదా కట్టండి. ఈఎంఐ తేదీకి ముందు కడితే కొన్ని సంస్థల సిస్టమ్ దాన్ని వచ్చే నెల వాయిదాగా పట్టుకుంటుంది. పైగా ఖాతాలో నిల్వ తగ్గి ఈఎంఐ బౌన్స్ అయితే ఛార్జీ పడుతుంది, సిబిల్ రికార్డులో మచ్చ పడుతుంది. ఆ నెల ఈఎంఐకి సరిపడా నిల్వ ఉంచి, ఆపైన ఉన్నదే కట్టాలి.

2. నెట్ బ్యాంకింగ్‌లోనో యాప్‌లోనో "Part Payment" లేదా "Part Prepayment" అనే దారి ఉంటే దాని ద్వారానే కట్టండి. ఊరికే లోన్ ఖాతా నంబరుకు డబ్బు పంపించి ఊరుకోవద్దు. అలాంటి దారి లేకపోతే బ్రాంచికి వెళ్లి కట్టండి.

3. గడువు తగ్గించాలా, ఈఎంఐ తగ్గించాలా అని అడుగుతారు. గడువు తగ్గించమని ఎంచుకోండి. యాప్‌లో ఇది "Reduce Tenure" అని కనిపిస్తుంది. అడగకపోయినా మీరే చెప్పాలి.

4. బ్రాంచిలో కడితే ఒక చిన్న అర్జీ కలిపి ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇంతకంటే ఎక్కువ రాయనక్కర్లేదు: "నా ఇంటి లోన్ ఖాతా (నంబరు) లో ఈ రోజు కట్టిన (మొత్తం) రూపాయలను పార్ట్ పేమెంట్‌గా తీసుకుని పూర్తిగా అసలులో జమ చేయగలరు. ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించి, కొత్త రీపేమెంట్ షెడ్యూల్ ఇవ్వగలరు."

5. వారం పది రోజుల తర్వాత కొత్త షెడ్యూల్ తీసుకుని, ముందు రాసి పెట్టుకున్న అంకెతో పోల్చండి.

మూడో మెట్టు దగ్గరే ఎక్కువ మంది నష్టపోతారు. మొదటి ఏడాది చివర కట్టిన అదే 34,713కి గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తే, కొత్త వాయిదా 34,406 అవుతుంది. నెలకు 307 రూపాయలు చేతికి వస్తాయి, అవి ఇంటి ఖర్చుల్లో ఎక్కడ కలిసిపోయాయో కూడా తెలియదు. మిగిలిన 228 నెలల్లో నికరంగా కలిసొచ్చేది సుమారు 35 వేలు. గడువు తగ్గిస్తే కలిసొచ్చేది 1.36 లక్షలని పైన చూశాం. కట్టిన డబ్బు ఒకటే, కట్టిన రోజు ఒకటే, ఫారంలో పెట్టిన ఒక్క టిక్కు వల్ల లక్ష రూపాయల తేడా. ఉద్యోగం కుదురుగా లేక నెలవారీ భారం తగ్గాలనుకునేవారికి ఈఎంఐ తగ్గించుకోవడంలో అర్థం ఉంది. మిగతావారికి లేదు.

సరిగ్గా జమ అయిందో లేదో ఎలా తెలుస్తుంది

కొత్త షెడ్యూల్‌లోనూ, స్టేట్‌మెంట్‌లోనూ మూడు అంకెలు చూడాలి. అసలు బాకీ మీరు కట్టినంత మేర అదే రోజు తేదీతో తగ్గి ఉండాలి. ఈఎంఐ మారకూడదు. మిగిలిన వాయిదాల సంఖ్య మీ లెక్కకు ఒకటి అటూ ఇటూగా ఉండాలి.

అసలు బాకీ తగ్గకుండా, వచ్చే నెల వాయిదా "కట్టేశారు" అని కనిపిస్తే, లేదా వచ్చే నెల ఆటో డెబిట్ ఆగిపోతే, మీ డబ్బును అడ్వాన్స్ ఈఎంఐగా పట్టుకున్నారన్నమాట. అలాంటప్పుడు ఐదు వాయిదాలు తగ్గడం మాట అటుంచి, ఒక నెల ముందు కట్టినవారు అవుతారంతే. వెంటనే రాతపూర్వకంగా, కట్టిన తేదీతోనే అసలులోకి మార్చమని అడగండి. ఆలస్యమైతే మధ్యలో పడిన వడ్డీ మీ నెత్తిన ఉంటుంది.

చాలా బ్యాంకులు ఇప్పుడు రోజువారీ బాకీ మీదనో నెలవారీ బాకీ మీదనో వడ్డీ వేస్తున్నాయి. కొన్ని పాత లోన్‌లలోనూ, కొన్ని సహకార సంఘాల లోన్‌లలోనూ ఏడాదికోసారి మాత్రమే అసలు తగ్గించే పద్ధతి ఉంటుంది. అలాంటి లోన్‌లో జూన్‌లో కట్టినా మార్చి ఆఖరుకు గానీ అసలు తగ్గదు. మీ ఒప్పందంలో "Annual Rest" అని ఉంటే, ఆ ఏడాది ముగిసే తేదీకి ముందు వారంలో కట్టండి. అంతవరకు ఆ డబ్బును సేవింగ్స్‌లోనో ఎఫ్‌డీలోనో ఉంచుకోవడమే లాభం.

రేటు మారినప్పుడు మీ శ్రమ ఎటు పోతుందో గమనించండి

ఇది అంతగా ఎవరూ పట్టించుకోని విషయం, కానీ అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. ఫ్లోటింగ్ లోన్‌లో రేటు పెరిగితే బ్యాంకులు సాధారణంగా ఈఎంఐని కదపకుండా గడువు పొడిగిస్తాయి. మీ ఖాతాలోంచి పోయే మొత్తం మారదు కాబట్టి మీకు తెలియదు.

మన ఉదాహరణలో మొదటి అదనపు వాయిదా కట్టాక 223 నెలలు మిగిలాయి. అప్పుడే రేటు 8.5 నుంచి 9 అయిందనుకోండి. ఈఎంఐ మార్చకపోతే మిగిలిన నెలలు 245 అవుతాయి. మీరు చెమటోడ్చి తగ్గించినవి ఐదు, అరశాతం రేటు మోసుకొచ్చినవి ఇరవై రెండు. గడువు పెరగకుండా ఉండాలంటే ఈఎంఐని నెలకు సుమారు 1,200 పెంచుకోవాలి, అంటే 35,928 దగ్గరకు.

అలా పెంచమని అడిగే హక్కు మీకుంది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతా, లేదా కొంత మొత్తం ముందే తీర్చాలా అన్న అవకాశాన్ని రుణం తీసుకున్నవారికి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులో ఆదేశించింది. ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఈఎంఐ మొత్తం, మిగిలిన వాయిదాల సంఖ్య, ఏడాది రేటు చూపించే స్టేట్‌మెంట్‌ను మూడు నెలలకోసారి అందుబాటులో ఉంచాలని కూడా అందులోనే ఉంది. ఆ స్టేట్‌మెంట్‌లో మిగిలిన వాయిదాల సంఖ్య ఒక్కటి ప్రతి మూడు నెలలకూ ఒక పుస్తకంలో రాసుకుంటూ పోండి. మూడు నెలలకు మూడు తగ్గాలి. తగ్గకపోతే, లేదా పెరిగితే, ఆ వారమే బ్యాంకుకు వెళ్లండి.

రేటు తగ్గినప్పుడు దీనికి తిరగేసి చేయాలి. 2025లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును 6.50 నుంచి విడతలుగా 5.25 శాతానికి తగ్గించింది. అలాంటప్పుడు ఈఎంఐ తగ్గించుకోకుండా పాత ఈఎంఐనే కొనసాగించమని చెప్పండి. చేతిలోంచి అదనంగా ఒక్క రూపాయి తీయకుండానే ఇంకొన్ని నెలలు ఎగిరిపోతాయి, మీ అదనపు వాయిదా దానిమీద పనిచేస్తుంది.

ఒకేసారి కుదరనివారికి

దసరా బోనస్, డీఏ బకాయిలు, పంట డబ్బు, మనీబ్యాక్ పాలసీ సొమ్ము, ఇలా ఏడాదికోసారి చేతికి వచ్చే మొత్తం ఉన్నవారికి పై పద్ధతి సులువు. అలాంటి రాబడి లేనివారు ఈఎంఐని పన్నెండుతో భాగించి ఆ ముక్కను నెలనెలా కలిపి కట్టవచ్చు. మన ఉదాహరణలో అది 2,893, అంటే నెలకు 37,606. లోన్ 199వ నెలలో తీరుతుంది, వడ్డీలో మిగిలేది 8.71 లక్షలు. ఏడాది చివర ఒకేసారి కట్టినదానికంటే ఇంచుమించు 48 వేలు ఎక్కువ, ఎందుకంటే ప్రతి ముక్కా కొన్ని నెలల ముందే అసలులో పడుతోంది. నెలనెలా చిన్న పార్ట్ పేమెంట్లు తీసుకోని సంస్థ అయితే, ఈఎంఐనే 37,606కి పెంచమని అర్జీ పెట్టండి. అదీ కుదరకపోతే నెలకు 2,900 చొప్పున ఏడాది ఆర్‌డీ కట్టి, అది చేతికి రాగానే లోన్‌లో వేయండి. ఆర్‌డీ వడ్డీ లోన్ వడ్డీకంటే తక్కువే, ఆ మేరకు కాస్త నష్టం ఉంటుంది. అయినా డబ్బు చెదరకుండా ఉంటుంది.

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లకు ఇదే పద్ధతి మరో రూపంలో ఎదురవుతుంది. నెల వాయిదాలో సగాన్ని రెండు వారాలకోసారి కడితే ఏడాదికి 26 సగాలు, అంటే 13 వాయిదాలు అవుతాయి. పదమూడోదే మన అదనపు వాయిదా. ఈ ఏర్పాటు చేసిపెడతామని ఫీజు అడిగేవాళ్లు ఉంటారు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. లోన్ చూసే సంస్థ వెబ్‌సైట్‌లో అదనపు మొత్తాన్ని ప్రిన్సిపల్ కింద మీరే కట్టవచ్చు. అక్కడ కూడా అది వచ్చే నెల వాయిదాగా కాకుండా ప్రిన్సిపల్‌లోనే పడిందో లేదో చూసుకోవాలి.

చివరి ఏడాది చేయాల్సిన పని

మన ఉదాహరణలో పదహారో అదనపు వాయిదా కట్టాక బాకీ 2.78 లక్షలు ఉంటుంది. ఎనిమిది పూర్తి వాయిదాలు పోగా ఆఖరిది పదివేల లోపే. ఆ దశకు వచ్చాక, లోన్ పూర్తిగా మూసేయడానికి ఎంత కట్టాలో చూపే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌ను బ్యాంకును అడిగి, అందులో ఉన్న మొత్తాన్ని అందులో ఉన్న తేదీలోపు కట్టేయండి. ఆటో డెబిట్ మాండేట్ రద్దు చేయించండి, లేకపోతే లోన్ తీరాక కూడా ఇంకో వాయిదా లాగేసుకుని, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

నో డ్యూ సర్టిఫికెట్‌తో పాటు ఒరిజినల్ దస్తావేజులు 30 రోజుల్లో మీ చేతికి రావాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. దస్తావేజులు తీసుకునేటప్పుడు, లోన్ ఇచ్చిన రోజు బ్యాంకు ఇచ్చిన జాబితాతో ఒక్కొక్క కాగితం పోల్చి చూశాకే సంతకం పెట్టండి. లోన్ సమయంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజుల తాకట్టు రిజిస్టర్ చేసి ఉంటే, బ్యాంకు చేత దాని విడుదల పత్రం కూడా రిజిస్టర్ చేయించాలి. ఆ తర్వాత ఈసీ తీసి, తాకట్టు ఎంట్రీతో పాటు దాని విడుదల ఎంట్రీ కూడా అందులో ఎక్కిందో లేదో చూసుకోండి.